ఉల్లి రైతుల సంఘం బడ్జెట్: ధర పడినప్పుడు భారం ఎవరిది?

ఉల్లి ధర పెరిగితే నగరంలో వార్త, పడిపోతే పల్లెలో అప్పు. ఈ రెండు కొసల మధ్య ఇప్పుడు కొత్తగా మరొక భాగస్వామి నిలబడింది. అది రైతు ఉత్పత్తిదారుల సంఘం. దేశంలో 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలను ఏర్పాటు చేసే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో ప్రారంభించింది. విత్తనం, ఎరువులు కలిసి కొనడం, పంటను కలిసి అమ్మడం ఈ సంఘాల పని. అయితే కలిసి అమ్మడమంటే ధరలోని ఎగుడుదిగుళ్లను కూడా కలిసి మోయడమే. రైతు విడిగా అమ్ముకున్నప్పుడు ఆ భారం ఆయన ఒక్కడి ఇంటిది. సంఘం కొని నిల్వ చేసినప్పుడు అది మూడు వందల కుటుంబాల వాటాధనానిది అవుతుంది. సీజను ఆరంభంలో సంఘం రాసుకునే బడ్జెట్‌లో ఈ భారానికి ఎంత చోటు ఉందన్నదే ఆ సంఘం మూడేళ్ల తరువాత కూడా ఉంటుందా లేదా అన్నది తేలుస్తుంది.

దీనిని పరిశీలించడానికి మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా కంటే తగిన చోటు లేదు. లాసల్‌గావ్, పింపళ్‌గావ్ మార్కెట్లలో ఉదయం పలికిన ధర సాయంత్రానికి దేశమంతటా పాకుతుంది. అక్కడ యాసంగి ఉల్లికి అక్టోబరు, నవంబరుల్లో నారు పోస్తారు, డిసెంబరు మధ్య నుంచి జనవరి వరకు నాటుతారు, ఏప్రిల్‌లో పీకుతారు. వానాకాలపు పంట ఎక్కువ కాలం నిలవదు. యాసంగి పంట మాత్రం సెప్టెంబరు, అక్టోబరు వరకు నిల్వ ఉంటుంది. దేశానికి వర్షాకాలమంతా ఉల్లి పెట్టేది ఈ నిల్వే. అందుకే ఇక్కడి సంఘం బడ్జెట్ ఆరు నెలలది కాదు, దాదాపు ఏడాదిది.

నాసిక్ జిల్లాలో 300 మంది సభ్యులున్న ఒక సంఘాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. వారిలో వంద మంది ఎకరం చొప్పున యాసంగి ఉల్లి వేస్తున్నారనుకోవాలి. కింద వచ్చే ఖర్చులు, ధరలు లెక్క నడిచే తీరును చూపడానికి తీసుకున్నవి. ఊరిని బట్టి, ఏడాదిని బట్టి అంకెలు మారతాయి కాని, వాటి మధ్య సంబంధం మారదు.

ఎకరం లెక్క

ఎకరానికి మూడు కిలోల విత్తనం, కిలో 1,500 రూపాయల చొప్పున 4,500 రూపాయలు. రెండు గుంటల నారుమడికి మరో 1,500. దుక్కి, మడులు కట్టడం 5,000. నాట్లకు కూలీ 12,000, కలుపు తీతకు 5,000. పశువుల ఎరువు, రసాయన ఎరువులు కలిపి 12,000. తామర పురుగు, ఊదా మచ్చ తెగులు మందులకు 7,000. నీటి తడులకు 4,500. పీకడం, తలలు కోయడం, గ్రేడింగుకు కూలీ 12,000. సంచులు, పొలం నుంచి నిల్వ పాకకు రవాణా 4,000. అన్నీ కలిపి చేతి నుంచి పోయే డబ్బు 67,500 రూపాయలు. రైతు కుటుంబం పెట్టిన సొంత శ్రమకు 7,500 కడితే మొత్తం 75,000. వంద ఎకరాలకు 75 లక్షలు.

ఈ పద్దుల్లో అతి పెద్దది కూలీ. నాట్లు, కలుపు, కోత మూడూ కలిస్తే 29,000 రూపాయలు, అంటే నగదు ఖర్చులో నూటికి నలభైకి పైగా. నాట్లన్నీ కొద్ది వారాల్లోనే పడతాయి కనుక ఊరంతా ఒకేసారి కూలీల కోసం వెతుకుతుంది, రేటు పెరుగుతుంది. అయినా బడ్జెట్‌కు అసలు దెబ్బ ఇక్కడ తగలదు. నాట్ల కూలీ నూటికి ఇరవై పెరిగినా ఎకరానికి పడే అదనపు భారం 2,400 రూపాయలే.

విత్తనం సంగతి ఇందుకు తలకిందులు. మొత్తం ఖర్చులో దాని వాటా చిన్నది, కాని అది తప్పితే సీజనే తప్పుతుంది. ఉల్లి విత్తనానికి ఆయుష్షు తక్కువ. మామూలు నిల్వలో ఏడాది దాటితే మొలక శక్తి వేగంగా పడిపోతుంది. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక శాతం 70. మొలక 50 శాతమే ఉన్న విత్తనం మూడు కిలోలు చల్లితే మంచి విత్తనం రెండు కిలోలు చల్లినట్టే నారు వస్తుంది. నారు చాలని రైతు డిసెంబరులో పొరుగూరి నుంచి తెలియని రకం నారు కొంటాడు. అది నిలవ ఉండే రకం కాకపోతే ఆ తప్పు జూలైలో పాకలో కుళ్లు రూపంలో బయటపడుతుంది. అందువల్ల సంఘం విత్తనం కొన్న ప్రతి లాటు నుంచి నూరు గింజలు తడి గుడ్డలో పెట్టి, పది పన్నెండు రోజుల తరువాత మొలకలు లెక్కించి, ఆ అంకెను బడ్జెట్ పుస్తకంలోనే రాసుకోవడం అవసరం. దీనికి ఖర్చు లేదు. నారుమడి పోయక ముందే జరగాలన్నదొక్కటే షరతు.

నీటి పద్దు చిన్నదిగా కనిపించడానికి ఒక కారణం ఉంది. మహారాష్ట్రలో ఏడున్నర అశ్వశక్తి వరకు వ్యవసాయ పంపులకు 2024 నుంచి విద్యుత్తు ఉచితం. ఇక మిగిలేది తడి పెట్టే మనిషి కూలీ, మోటారు మరమ్మతు, పైపులు. కాని నీటి ఖర్చును తడుల సంఖ్యతో మాత్రమే కొలవకూడదు. ఉల్లికి పది పన్నెండు తడులు అవసరమవుతాయి. పీకడానికి పది పదిహేను రోజుల ముందు నీరు ఆపాలి. ధర బాగుందని గడ్డ బరువు పెంచడానికి చివరి వారంలో మరో తడి ఇచ్చిన రైతుకు క్వింటాళ్లు పెరుగుతాయి, కాని మెడ మందంగా ఉండిపోయిన ఆ గడ్డ పాకలో ముందుగా కుళ్లుతుంది. వెంటనే అమ్మే రైతుకు అది లాభం. నిల్వ చేసే సంఘానికి అది నష్టం. ఒకే తడి ఇద్దరి పుస్తకాల్లో రెండు విధాలుగా పడుతుంది.

దిగుబడి ఎంత, అమ్ముడయ్యేది ఎంత

ఎకరానికి వంద క్వింటాళ్లు పండిందనుకుంటే, పూత కాడ వేసినవి, జంట గడ్డలు, మరీ చిన్నవి తీసేసిన తరువాత మంచి ధర పలికేది 90 క్వింటాళ్లు. ఖర్చును వందతో భాగించడం చాలా సంఘాల పుస్తకాల్లో కనిపించే పొరపాటు. 75,000ను 90తో భాగిస్తే క్వింటాలుకు 833 రూపాయలు. ట్రాక్టరు బాడుగ, హమాలీ, తూకం కలిపి మార్కెట్ ఖర్చు 70 రూపాయలు చేరిస్తే సుమారు 900. ఏప్రిల్‌లో ఈ ధర వస్తే రైతుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అకాల వర్షానికో, వడగళ్లకో దిగుబడి 75 క్వింటాళ్లకు పడిపోతే ఇదే అంకె 1,070కి చేరుతుంది. కూలీ పెరుగుదల కంటే దిగుబడి తరుగుదల ఎన్నో రెట్లు బరువైనదని దీనివల్ల తెలుస్తుంది.

మార్కెట్ ఖర్చు 70 రూపాయలే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. ధర పడినా అది తగ్గదు. 2023 ఫిబ్రవరిలో సోలాపూర్ మార్కెట్‌కు అయిదు క్వింటాళ్లకు పైగా ఉల్లి తెచ్చిన ఒక రైతుకు కిలోకు రూపాయి ధర పలికింది. రవాణా, హమాలీ, తూకం ఖర్చులు పోగా చేతికి అందింది రెండు రూపాయల చెక్కు. అందుకే బడ్జెట్‌లో ఆదాయపు గడిలో రాయవలసింది వేలంలో పలికిన ధర కాదు, ఖర్చులు పోగా మిగిలిన ధర.

నిల్వ: పెరిగిన ధర అంతా లాభం కాదు

ఏప్రిల్‌లో క్వింటాలు 1,200 పలుకుతోందనుకుంటే రైతుకు ఎకరం మీద లాభమే. అయితే సెప్టెంబరులో 1,800 వస్తుందన్న ఆశ సంఘానికి ఉంటుంది. గత ఏళ్ల ధరలు చూస్తే అలాంటి సంవత్సరాలు ఉన్నాయి కూడా. ఇక్కడే లెక్క జాగ్రత్తగా వేయవలసి ఉంటుంది.

మార్కెట్ ఖర్చు తీసేస్తే ఏప్రిల్‌లో క్వింటాలుకు చేతికి వచ్చేది 1,130. ఆ సరుకును సెప్టెంబరు చివరి వరకు అయిదు నెలలు ఉంచాలంటే పాకకు క్వింటాలుకు 60 రూపాయలు, కుళ్లినవి ఏరడానికి కూలీ 40, ఆగిన డబ్బు మీద నూటికి పది వడ్డీ చొప్పున 47. మొత్తం 1,277. అయితే సెప్టెంబరులో అమ్మడానికి ఆ క్వింటాలు మొత్తం ఉండదు. నీరు ఎగిరి బరువు తగ్గడం, కుళ్లు, మొలకలు కలిపి ముప్ఫై శాతం పోయిందనుకుంటే మిగిలేది 70 కిలోలు. ఆ 70 కిలోల మీద 1,277 రాబట్టాలంటే క్వింటాలుకు 1,824 రావాలి. మార్కెట్ ఖర్చు మళ్లీ 70 చేరిస్తే 1,894.

అంటే ఏప్రిల్‌లో 1,200కు అమ్మినదానికి సెప్టెంబరులో సమానమైన ధర 1,900. ఏ 1,800 కోసమైతే సంఘం అయిదు నెలలు ఎదురుచూసిందో ఆ ధర వచ్చినా నష్టమే. జూలై చివరికి అమ్మితే తరుగు పదిహేను శాతంగా లెక్కించినా సమాన ధర 1,530 దగ్గర ఉంటుంది. ధరల పట్టికలో ఏప్రిల్‌కు, సెప్టెంబరుకు మధ్య కనిపించే తేడాలో పెద్ద భాగం లాభం కాదు, తరుగుకు పరిహారం మాత్రమే.

ఈ ముప్ఫై శాతం అన్నది కూడా స్థిరమైన అంకె కాదు. నేల మీద పోగు పోసిన ఉల్లిలో తరుగు ఎక్కువ, కింద నుంచి గాలి ఆడేలా కట్టిన పాకలో తక్కువ. రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ విడుదల చేసిన భీమా శక్తి వంటి రకాలు నిల్వకు అనువైనవి. వానలు ఎక్కువై గాలిలో తేమ పెరిగిన ఏడాది నల్ల బూజు త్వరగా వ్యాపిస్తుంది. అందువల్ల తరుగును ఊహించడం కంటే కొలవడం మేలు. పాకలో వేర్వేరు చోట్ల పది వల సంచులకు గుర్తు కట్టి, పదిహేను రోజులకోసారి తూచి, కుళ్లినవి వేరు చేసి రాసుకుంటే సంఘానికి తన సొంత అంకె దొరుకుతుంది. జూన్ నెలాఖరుకే తరుగు పదిహేను శాతం దాటిందంటే సెప్టెంబరు దాకా ఆగే ఆలోచన మానుకోవలసిందే. పాక దగ్గరకు వెళ్లగానే పుల్లటి వాసన వస్తుంటే తూకం కోసం ఎదురుచూడడం కూడా అనవసరం.

ధరల ఒడిదుడుకులకు కేటాయింపు

సంఘాల బడ్జెట్లలో చివరి వరుసలో తరచుగా ధరల మార్పులకు అయిదు శాతమో పది శాతమో కేటాయించినట్టు రాస్తారు. దేని మీద ఆ శాతం, ఏ ధర దగ్గర అది చాలుతుంది అన్న ప్రశ్నకు ఆ వరుసలో సమాధానం ఉండదు. సరైన ప్రశ్న వేరు. చెడ్డ ధర వచ్చినప్పుడు సంఘం చేతిలో ఉన్న ప్రతి క్వింటాలు మీద ఎంత పోతుంది, ఆ పోయేదాన్ని సంఘం ఎన్ని క్వింటాళ్ల మేరకు భరించగలదు?

ఉదాహరణకు తీసుకున్న సంఘం పంటలో మూడో వంతు, అంటే 3,000 క్వింటాళ్లు, నిల్వకు తీసుకుందనుకోవాలి. సభ్యులకు ఏప్రిల్ ధర 1,200లో డెబ్బై శాతం, అంటే 840 రూపాయలు బయానాగా ఇచ్చి, మిగిలినది అమ్మిన తరువాత ఇస్తానంది. ఇందుకు అప్పు తెచ్చిన మొత్తం 25 లక్షల 20 వేలు. సెప్టెంబరులో ధర పెరగకపోగా 1,000కి పడింది. మిగిలిన 2,100 క్వింటాళ్ల మీద మార్కెట్ ఖర్చు పోగా వచ్చేది 19 లక్షల 53 వేలు. పాక, ఏరుడు కూలీకి మూడు లక్షలు, వడ్డీకి లక్షా అయిదు వేలు తీసేస్తే మిగిలింది 15 లక్షల 48 వేలు. సభ్యులకు అప్పటికే ఇచ్చిన బయానా కంటే ఇది 9 లక్షల 72 వేలు తక్కువ.

ఈ సంఘం మూలధనం ఎంత? సభ్యుడికి 2,000 చొప్పున 300 మంది వాటా ఆరు లక్షలు. కేంద్ర పథకం కింద దానికి సమానంగా వచ్చే గ్రాంటు మరో ఆరు లక్షలు. మొత్తం 12 లక్షలు. ధరలో వచ్చింది నూటికి పదిహేడు తగ్గుదలే. మూలధనంలో పోయింది అయిదింట నాలుగు వంతులు. బయానా కాకుండా ఏప్రిల్‌లోనే పూర్తి ధర చెల్లించి ఉంటే నష్టం 20 లక్షలు దాటేది, సంఘం ఆ రోజే మూతపడేది.

ఇప్పుడు అదే లెక్కను తిరగేయాలి. సంఘం ధరల నిధిగా మూడు లక్షలు పక్కన పెట్టగలదనుకుంటే, 840 బయానా ఇచ్చి సెప్టెంబరు దాకా ఉంచే పద్ధతిలో క్వింటాలుకు నష్టం 324 రూపాయలు కనుక, అది భరించగలిగేది 925 క్వింటాళ్లే. మూడు వేలు కాదు. ఎక్కువ సరుకు తీసుకోవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి బయానా తగ్గించడం, రెండు అమ్మకాన్ని విడదీయడం. బయానా 700 చేసి, సరుకును వెయ్యి క్వింటాళ్ల చొప్పున జూన్ చివర, జూలై చివర, సెప్టెంబరు చివర అమ్మితే, ధర మూడుసార్లూ 1,000 దగ్గరే ఉన్నా పరిస్థితి వేరుగా ఉంటుంది. తరుగు పది శాతంగా ఉండే జూన్ అమ్మకంలో క్వింటాలుకు 50 రూపాయలు మిగులుతుంది. జూలైలో 12 పోతుంది. సెప్టెంబరులో 178 పోతుంది. అన్నీ కలిపి నష్టం లక్షా నలభై వేలు. మూడు లక్షల నిధిలో ఇది ఇముడుతుంది.

దీనికీ హద్దు ఉంది. ధర 700కు పడితే ఇదే పద్ధతిలో నష్టం ఎనిమిది లక్షలు దాటుతుంది. ఏ నిధీ అన్ని ధరలకూ చాలదు. కాబట్టి కేటాయింపుతో పాటు ఆపివేత నియమం కూడా బడ్జెట్‌లో ఉండాలి. జూన్ మధ్యనాటికి ధర ఏప్రిల్ ధర కంటే తగ్గి, రోజుకు వచ్చే సరుకు పెరుగుతూ ఉంటే, రెండో వంతును జూలైకి ఆపకుండా అప్పుడే అమ్మాలి. పడుతున్న ధరలో ఉల్లిని ఆపడం వల్ల ధరతో పాటు బరువు కూడా పోతుంది. నిల్వ బియ్యానికి, పప్పులకు ఈ రెండో నష్టం ఇంతగా లేదు.

సగటు ధర ఎందుకు పనికిరాదు

గత అయిదేళ్ల సగటు తీసుకుని బడ్జెట్ వేయడం చూడడానికి సబబుగా ఉంటుంది. ఉల్లి విషయంలో అది మోసం చేస్తుంది, ఎందుకంటే ఇక్కడ ధర వాతావరణం వల్ల ఎంత మారుతుందో ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల కూడా అంతే మారుతుంది. 2023 ఆగస్టు 19న ఉల్లి ఎగుమతులపై 40 శాతం సుంకం పడింది. అక్టోబరులో టన్నుకు 800 డాలర్ల కనీస ఎగుమతి ధర వచ్చింది. డిసెంబరు 8న ఎగుమతులే నిలిచిపోయాయి. 2024 మే 4న నిషేధం తొలగినా 550 డాలర్ల కనీస ధర, 40 శాతం సుంకం మిగిలాయి. సెప్టెంబరులో కనీస ధర పోయి, సుంకం సగమయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి సుంకం పూర్తిగా తొలగింది. 2019లోనూ, 2020లోనూ సెప్టెంబరు నెలలోనే నిషేధాలు వచ్చాయి. నిల్వ సరుకు అమ్ముడుపోయే సీజనూ, ధర పెరిగి వినియోగదారుడు ఇబ్బంది పడే సీజనూ ఒకటే కావడం దీనికి కారణం. అంటే సంఘం ఆశించే లాభం సరిగ్గా ప్రభుత్వం జోక్యం చేసుకునే వేళలోనే ఉంది. బంగ్లాదేశ్, శ్రీలంక వంటి పొరుగు దేశాల కొనుగోళ్ల మీద ఆధారపడిన ధర ఒక్క ఉత్తర్వుతో మారిపోగలదు.

రెండో కారణం దక్షిణాది పంట. కర్నూలు జిల్లాలోనూ, కర్ణాటకలోనూ పండే వానాకాలపు ఉల్లి ఆగస్టు చివరి నుంచి మార్కెట్లకు వస్తుంది. నీటి శాతం ఎక్కువగా ఉండే ఆ గడ్డను నిల్వ చేయలేరు, వచ్చింది వచ్చినట్టు అమ్మాలి. కర్నూలులో పంట బాగా వచ్చిన ఏడాది నాసిక్ పాకల్లోని సరుకుకు సెప్టెంబరులో గిరాకీ తగ్గుతుంది. అక్కడ వానలకు పంట మునిగితే నాసిక్‌లో ధర లేస్తుంది. ఒక చోటి రైతు కష్టం మరో చోటి రైతు ధరగా మారే ఈ లంకె నాసిక్ సంఘం పుస్తకంలో ఒక వరుసగానైనా ఉండాలి. ఆగస్టు మొదట్లో కర్నూలు సాగు విస్తీర్ణం, అక్కడి వానలు చూసి మూడో వంతు సరుకు సంగతి నిర్ణయించుకోవడం ఊహ మీద ఆధారపడడం కంటే మెరుగు. కర్నూలు రైతుల సంఘానికి మాత్రం పై నిల్వ లెక్క వర్తించదు. వారి బడ్జెట్‌లో ధరల రక్షణ నిల్వలో ఉండదు, నాట్లను వారాల తేడాతో విడదీయడంలో ఉంటుంది.

ప్రభుత్వ సహాయాన్ని ఆదాయంగా రాసుకోవడమూ క్షేమం కాదు. ఉల్లికి కనీస మద్దతు ధర లేదు. పంటల బీమా దిగుబడి నష్టానికే గాని ధర నష్టానికి కాదు. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ నిల్వల కోసం కొనే ఉల్లి మొత్తం పంటలో స్వల్ప భాగం. 2023లో ధరలు కుప్పకూలినప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వం క్వింటాలుకు 350 రూపాయల చొప్పున, రైతుకు 200 క్వింటాళ్ల వరకు సహాయం ప్రకటించింది. అది పంట అమ్ముడుపోయిన తరువాత వచ్చిన నిర్ణయం. వస్తే నిధిలో వేసుకోవచ్చు. వస్తుందని అప్పు చేయకూడదు.

ధర పెరిగినప్పటి చిక్కు

ధర పడినప్పుడు నష్టం సంఘానిది అయితే, పెరిగినప్పుడు లాభం కూడా సంఘానిదే కావాలి. ఆచరణలో అలా జరగదు. జూలైలో ధర 1,800 కాగానే సభ్యులు తమ ఇంటి పాకలో మిగిలిన సరుకును నేరుగా వ్యాపారికి అమ్ముతారు. సంఘానికి ఇస్తామన్న దానిలో రెండో రకం గడ్డలు వస్తాయి. విత్తనం, ఎరువుల కోసం సంఘం ఇచ్చిన అరువు మాత్రం పుస్తకంలో అలాగే ఉంటుంది. ఇలా చెడ్డ ఏడాది నష్టమంతా సంఘం మీద పడి, మంచి ఏడాది లాభం సంఘానికి రాకపోతే, సగటున ధర బాగున్నా సంఘం దివాలా తీస్తుంది. ఇందులో సభ్యుల నిజాయతీని తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఏప్రిల్‌లో 700 బయానా తీసుకున్న రైతుకు ఇంటి అప్పు, వచ్చే వానాకాలపు విత్తనం ఎదురుగా ఉంటాయి.

దీనికి చట్టంలోనే ఒక దారి ఉంది. ఉత్పత్తిదారుల కంపెనీ సభ్యుడికి రావలసిన ధరలో కొంత ఆపి ఉంచి తరువాత చెల్లించవచ్చు. ఏడాది చివర మిగులును సభ్యుడు ఇచ్చిన సరుకు పరిమాణాన్ని బట్టి బోనస్‌గా పంచవచ్చు. ఉదాహరణకు అమ్మకంలో ఖర్చులు పోగా మిగిలిన దానిలో నాలుగింట మూడు వంతులు సరుకు ఇచ్చిన సభ్యులకు, నాలుగో వంతు ధరల నిధికి అని ముందే రాసుకుంటే, 1,800 ధరలో సభ్యుడికి తన వాటా ఎంతో ఏప్రిల్‌లోనే తెలుస్తుంది. నిధికి డబ్బు చేరేది కూడా మంచి ఏడాదిలోనే. చెడ్డ ఏడాదిలో నిధి ఏర్పాటు చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఈ నిర్ణయాలన్నిటికీ తగిన సమయం అక్టోబరు, విత్తనం పంచక ముందు. ఎంత సరుకు తీసుకోవాలి, బయానా ఎంత, ఏ తేదీల్లో ఎంత అమ్మాలి, ఏ ధర దగ్గర ఆగకుండా అమ్మేయాలి, నష్టం నిధిని దాటితే ఎవరు భరిస్తారు అన్న అయిదు వాక్యాలు సర్వసభ్య సమావేశం తీర్మానంలో ఉండాలి. అవి లేకపోతే జూన్‌లో ధర పడుతున్నప్పుడు అమ్ముదామన్న మేనేజరును సభ్యులు నిలదీస్తారు, ఆపుదామన్న మేనేజరును సెప్టెంబరులో బ్యాంకు నిలదీస్తుంది. 75 లక్షల సాగు ఖర్చును పైసాతో సహా రాసి, ఈ అయిదు వాక్యాలు రాయని బడ్జెట్, ఖర్చుల జాబితా మాత్రమే అవుతుంది.